ఏడో నెలలో చూపు మసకబారుతోంది: అద్దాలు మార్చాలా, బీపీ చూపించుకోవాలా?

"మేడమ్ గారూ, నాకు 29 ఏళ్లు. మొదటి కాన్పు, ఇప్పుడు 30 వారాలు. పదో తరగతి నుంచి అద్దాలున్నాయి, రెండు కళ్లకీ మైనస్ 2.5. ఐదారేళ్లుగా ఆ పవర్ మారలేదు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి టీవీలో కింద వచ్చే అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. కళ్లలో ఇసుక పోసినట్టుంటోంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే అరగంట కూడా ఉంచుకోలేకపోతున్నాను. మొన్న ఆఫీసు పని అయ్యాక అద్దాల షాపుకి వెళ్తే మైనస్ 3.25 అయ్యిందన్నారు, కొత్త అద్దాలకి ఆరు వేలు చెప్పారు. మా అత్తయ్య తనకి కంటి ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన చుక్కల మందు వేసుకోమంటున్నారు. మా అమ్మేమో సైట్ ఇంత పెరిగితే నార్మల్ కాన్పు కుదరదని భయపెడుతోంది. ఇంకొకటి, పోయిన వారం పని చేసుకుంటుంటే కళ్ల ముందు వంకర గీతలు మెరుస్తూ ఇరవై నిమిషాలు కనిపించాయి, తర్వాత తలనొప్పి వచ్చింది. ఇంతకుముందెప్పుడూ ఇలా రాలేదు. పదిహేను రోజుల కిందట చూసినప్పుడు బీపీ 124/80. ఏం చేయమంటారు?"

– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

అన్నీ రాసి, చివర్లో గుర్తొచ్చినట్టు "ఇంకొకటి" అంటూ ఆ మెరుపుల సంగతి రాశారు చూశారా, నేను దానితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫరవాలేదు. ఇదొక్కటి ఆగకూడదు. ఇది చదివిన రోజే బీపీ చూపించుకోండి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించండి. మీ కాన్పు డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగితే మంచిదే, లేదంటే దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఈ రెండూ చూస్తారు.

కంగారు పెట్టడానికి చెప్పడం లేదు. మీరు రాసిన తీరు చూస్తే అది మైగ్రేన్‌కి ముందు వచ్చే మెరుపులా అనిపిస్తోంది. అది చూపులో ఒక చిన్న మెరిసే మచ్చలా మొదలై, ముగ్గులో వంకర గీతలా మెలికలు తిరుగుతూ మెల్లగా పక్కకి పాకుతుంది. ఇరవై ముప్ఫై నిమిషాల్లో మాయమవుతుంది, చాలామందికి ఆ తర్వాత తలనొప్పి మొదలవుతుంది. కళ్లు మూసుకున్నా కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది పుట్టేది కంట్లో కాదు, మెదడులో. గర్భంతో ఉన్నప్పుడు మొదటిసారి వచ్చేవాళ్లూ ఉన్నారు.

కానీ 20 వారాలు దాటాక మెరుపులు, తలనొప్పి మొదటిసారి కలిసి వచ్చినప్పుడు బీపీ చూడకుండా మైగ్రేన్ అనుకుని వదిలేయకూడదు. గర్భంలో బీపీ పెరిగే జబ్బు ఒకటుంది, ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, దాన్నే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారు. ఇందులో సన్న రక్తనాళాలు బిగుసుకుపోతాయి. కంటి వెనకున్న రెటీనాలో అలా జరిగినా, మెదడులో చూపుని అర్థం చేసుకునే వెనక భాగంలో వాపు వచ్చినా చూపులో తేడా కనిపిస్తుంది. మెరుపులు, నల్ల మచ్చలు, అంతా పొగమంచులా మసకబారడం, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించడం. ఫిట్స్ రావడానికి ముందు కొందరిలో శరీరం చేసే హెచ్చరిక ఇదే.

పదిహేను రోజుల కిందటి 124/80 అప్పటికి మంచి అంకే అయినా, ఈ జబ్బు రెండు మూడు రోజుల్లో మొదలై పెరిగిపోగలదు, కాబట్టి ఆ అంకె ఇవాళ్టికి సాక్ష్యం కాదు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఏ దిండు మీదో పెట్టుకుని, మాట్లాడకుండా చూసుకోండి. కొద్దిసేపాగి మళ్లీ చూడండి. పైది 140 గానీ కిందది 90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, రెండూ ఉండాలని లేదు, ఒకటి చాలు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పైది 160 లేదా కిందది 110, అంతకంటే ఎక్కువ ఉంటే రాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి అయినా సరే, వెంటనే వెళ్లాలి. మెరుపులు మళ్లీ వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా మిషన్‌లో అంకె బాగుందని ఆగకండి. పాదాల వాపు ఏడో నెలలో మామూలే గానీ పొద్దున లేచేసరికి ఉంగరం వేలికి బిగుసుకుపోయిందంటే అది వేరు. ఆసుపత్రిలో "కళ్లు కొంచెం మసకగా ఉన్నాయండి" అంటే చాలామంది అద్దాలు మార్చుకోమంటారు. "కళ్ల ముందు మెరుపులు వచ్చి తర్వాత తలనొప్పి వచ్చింది, నాకు 30 వారాలు" అనండి. అలా చెబితే బీపీ, మూత్రం చూడకుండా పంపరు.

బీపీ మామూలుగా ఉండి, మూత్రంలో ఏమీ లేకపోతే అది మైగ్రేనే అయ్యుంటుంది. నొప్పికి పారాసెటమాల్ వరకు ఫరవాలేదు, అంతకుమించిన నొప్పి మాత్రలు మాత్రం మీ డాక్టర్‌ని అడగకుండా మెడికల్ షాపులో కొనొద్దు. బీపీ ఎక్కువుందంటే రక్తపరీక్షలు చేస్తారు, బహుశా ఆసుపత్రిలో ఉంచుకుని గమనిస్తారు. ఇలా కాకుండా వచ్చే చెకప్‌కి ఎలాగూ వెళ్తాం కదా అని ఆగే దారి కూడా ఉంది గానీ, అందులో మిగిలేది ఆటో ఖర్చు, పోయేది ఎంతో చెప్పలేం.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి ఎనిమిదో నెలలో నా దగ్గరికి అద్దాలు మార్చుకోవడానికే వచ్చింది. ఏ అద్దం పెట్టినా చార్టులో కింది మూడు వరసలు చదవలేకపోయింది. సూదిమొనంత రంధ్రం ఉన్న అట్ట కంటికి అడ్డం పెట్టి చూపించాను, అయినా అంతే. లోపల చూస్తే రెండు కళ్లలోనూ రెటీనా కింద నీరు చేరి ఉంది. బీపీ 170/110. ఆమెకి తలనొప్పి కూడా లేదు! అక్కడి నుంచి అక్కడే కాన్పుల వార్డుకి పంపాం. కాన్పయ్యి బీపీ అదుపులోకి వచ్చాక కొన్ని వారాల్లో ఆ నీరు ఇంకిపోయి చూపు తిరిగి వచ్చింది. ఆ రోజు ఆమె ఏ షాపులోనో కొత్త అద్దాలు చేయించుకుని ఇంటికెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో.

ఇక మీ సాయంత్రపు మసక సంగతి. అది కంటిపైన కన్నీటి పొరలో ఉందా, అద్దాల పవర్‌లో ఉందా, ఇంకా లోపల ఎక్కడో ఉందా అనేది కొంతవరకు మీరే ఇంట్లో తెలుసుకోవచ్చు. గోడకున్న క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు కాస్త కష్టంగా కనిపించేంత దూరంలో అద్దాలు పెట్టుకుని నిలబడండి. నాలుగైదు సార్లు కన్ను గట్టిగా మూసి తెరవండి. తెరవగానే అక్షరాలు స్పష్టంగా కనిపించి, రెప్ప వేయకుండా చూస్తే పది సెకన్లలోపు మళ్లీ మసకబారితే, అది కన్నీటి పొర సమస్య, అంటే పొడిబారడం. రెప్ప వేసినా తేడా లేకపోతే ఒక మందపాటి అట్టకి గుండుసూదితో మిల్లీమీటరంత రంధ్రం చేసి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని ఆ రంధ్రంలోంచి చూడండి. అక్షరాలు తేటపడితే లోపం పవర్‌లో ఉన్నట్టు లెక్క. తేటపడకపోతే, అంటే ఆ ఎనిమిదో నెల అమ్మాయి లాగా అయితే, లోపం రెటీనాలోనో నరంలోనో ఉండొచ్చు. అప్పుడు అద్దాల షాపు కాదు, బీపీ చూసే చోటు, కంటి డాక్టర్, రెండూ అదే రోజు. ఒక్కో కన్ను విడివిడిగా చూడడం మర్చిపోవద్దు, ఎందుకంటే రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను బాగాలేని దాన్ని కప్పేస్తుంది. ఆ పరీక్షలోనే తలుపు అంచునో గచ్చు మీద టైల్స్ గీతలనో చూడండి. ఒక కంటికి గీత మధ్యలో వంగినట్టు, లేదా చూపు మధ్యలో బూడిదరంగు మచ్చ ఉన్నట్టు కనిపిస్తే రెటీనా మధ్యలో నీరు చేరిందేమో చూడాలి. నెలలు నిండుతున్న దశలో కొందరికి బీపీ లేకుండానే ఇలా అవుతుంది, చాలామందికి కాన్పయ్యాక దానంతటదే తగ్గుతుంది, కానీ ఆ మాట కన్ను చూసిన డాక్టర్ చెప్పాలి.

ఈ పరీక్షలకి ఒక హద్దుంది. అట్ట పెడితే బాగా కనిపించింది కదా అని బీపీ చూపించుకోవడం మానేయడానికి లేదు. మసకకీ మెరుపులకీ కారణాలు వేరువేరు కావచ్చు, ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు.

మీ ఇసుక, మీ లెన్స్ ఇబ్బంది, సాయంత్రానికే మసక రావడం, ఇవన్నీ చూస్తే చాలా భాగం పొడిబారడమే అనిపిస్తోంది. గర్భంలో హార్మోన్ల మార్పుతో కన్నీటి పొర పలచబడుతుంది. దానికి తోడు తదేకంగా స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, వేసినా సగమే వేస్తాం. పైన ఫ్యాన్, ఎదురుగా ఏసీ. పొద్దున బాగుండి సాయంత్రానికి పాడవడం దీని లక్షణం. పవర్ నిజంగా మారితే పొద్దున్నే కూడా మసకగానే ఉండాలి. లెన్స్ విషయానికొస్తే, కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియా, ఒంట్లో నీరు చేరినట్టే అదీ కొంచెం నీరు పట్టి మందంగా అవుతుంది, దాని వంపు కూడా కాస్త మారుతుంది. పాత కొలతకి చేసిన లెన్స్ అందుకే సరిగ్గా కూర్చోదు. ఇంకో చిక్కు, ఈ రోజుల్లో కార్నియాకి స్పర్శ కొంచెం తగ్గుతుంది, కాబట్టి లెన్స్ గీరినా ఎప్పటంత త్వరగా తెలియకపోవచ్చు. కాన్పయ్యి కొన్ని వారాలయ్యేదాకా లెన్సులు పక్కన పెట్టమని నా సలహా. పెళ్లికో ఫంక్షన్‌కో రెండు గంటలు తప్పదంటే అది మీ ఇష్టం, కానీ కన్ను ఎర్రబడి నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా లెన్స్ తీసేసి అదే రోజు చూపించుకోండి.

చుక్కల మందు దగ్గర మాత్రం గట్టిగానే చెబుతాను. మీ అత్తయ్య గారిది వేసుకోకండి. ఆవిడ ప్రేమతోనే ఇస్తున్నారు, కానీ ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది, దాన్ని డాక్టర్ చూడకుండా వాడితే కంటిలో ఒత్తిడి పెరగొచ్చు, ఇన్ఫెక్షన్ ఉంటే ముదరొచ్చు. పైగా తెరిచి నెల దాటిన సీసా ఎవరిదైనా పారేయాల్సిందే. ఎర్రదనం తగ్గించే చుక్కలూ వద్దు, అవి రక్తనాళాల్ని బిగించి కాసేపు కన్ను తెల్లగా చూపిస్తాయి అంతే, పొడి తగ్గదు. మీకు కావలసింది కృత్రిమ కన్నీటి చుక్కలు, అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం లాంటివి. ఇది కంటిపైన తేమ నిలిపే పదార్థమే, గర్భిణులకి మామూలుగా రాసేదే. రోజుకి నాలుగుసార్ల వరకు అయితే మామూలు సీసా చాలు. అంతకంటే ఎక్కువసార్లు కావాలంటే ప్రిజర్వేటివ్ లేనిది అడగండి, ధర ఎక్కువైనా సరే, ఎందుకంటే చుక్కలు పాడవకుండా కలిపే మందే రోజూ పదిసార్లు పడితే కంటిని ఇంకా మండిస్తుంది. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. ఏ కంటి చుక్కలైనా అలా వేసుకుంటే మందు గొంతులోకి, ఒంట్లోకి దిగడం తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డని మూసిన రెప్పల మీద ఐదు నిమిషాలు పెట్టుకుంటే రెప్ప అంచుల్లోని నూనె గ్రంథులు తెరుచుకుంటాయి, కన్నీరు త్వరగా ఆరిపోదు. స్క్రీన్ కళ్లకంటే కొంచెం కిందికి ఉండేలా పెట్టుకుంటే కన్ను సగం మూసుకునే ఉంటుంది కాబట్టి ఆరడం తగ్గుతుంది. పది రోజులు ఇలా చేసి చూడండి.

ఆ పది రోజుల తర్వాతే అద్దాల మాట. షాపులో చెప్పిన మైనస్ 3.25ని నేను ఇప్పుడే నమ్మను. మీరు వెళ్లింది రోజంతా స్క్రీన్ చూశాక, కళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు. ఎండిన కంటి మీద మిషన్ చూపే అంకె సరిగ్గా ఉండదు, దగ్గరి పనికి బిగుసుకున్న కన్ను మైనస్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గర్భంలో పవర్ మారడం నిజమే. సాధారణంగా మైనస్ పావో, అరో పెరుగుతుంది, కొందరికి ముప్పావు, ఒకటి దాకా వెళ్తుంది. కాబట్టి మీ ముప్పావు అబద్ధమని అనను, కానీ ఇంకోసారి చూపించుకోండి, ఈసారి పొద్దున, చుక్కలు వేసుకుంటున్న రోజుల్లో. మిషన్ కాగితం మీదే ఆగకుండా అద్దాలు మార్చి మార్చి చార్టు చదివించే చోట. రెండుసార్లూ ఒకే అంకె వస్తే నమ్మొచ్చు.

దానికి ముందు ఇంకొక్క ప్రశ్న. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూశారా? మీరు రాయలేదు, అందుకే అడుగుతున్నాను. ఆ పరీక్షలో 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భంలో వచ్చే షుగర్ అంటారు. షుగర్ బాగా పెరిగి తగ్గుతుంటే కంటి లోపలి లెన్స్ ఉబ్బి తగ్గుతుంటుంది, ఇవాళ్టి పవర్ వచ్చే నెలకి ఉండదు, ఆ మధ్యలో చేయించిన అద్దాలు డబ్బు దండగ. పరీక్ష కాలేదంటే ఇప్పుడైనా చేయించండి. (గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు, వాళ్ల రెటీనా గర్భంలో త్వరగా దెబ్బతినొచ్చు కాబట్టి మొదటి మూడు నెలల్లోనే చుక్కలు వేసి కంటిపాపలు పెద్దవి చేసి చూడాలి, మధ్యలో మళ్లీ చూడాలి. మసక రాలేదని ఆగకూడదు.)

ఇవన్నీ అయ్యాక కూడా పొద్దున్నే దూరంవి మసకగా ఉన్నాయంటే మీ ముందు మూడు దారులున్నాయి. పాత అద్దాలతోనే కాన్పు దాకా గడిపేయొచ్చు. ఇంట్లో ఉండేవాళ్లకి పావు, అర తేడాతో పెద్ద ఇబ్బంది రాదు, తలనొప్పి కూడా రాదు. మీరు స్కూటీ, కారు నడుపుతుంటే మాత్రం, ముఖ్యంగా రాత్రిపూట, అది మంచిది కాదు. రెండోది, పాత ఫ్రేములోనే కొత్త పవర్ అద్దాలు వేయించడం. ఏ కోటింగులూ లేని మామూలు అద్దాలు తక్కువలో అయిపోతాయి, నాలుగు నెలలకి అవి చాలు. ముప్పావు తేడా నిజమని తేలితే నేనైతే ఇదే చేస్తాను. మూడోది ఆరు వేలవి కొనడం. కొనకూడదని కాదు, కానీ ఈ మార్పు కాన్పయ్యాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో చాలామందికి వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు మీ ఆరు వేల అద్దాలు ఎక్కువ పవర్‌వి అయిపోతాయి. మంచి అద్దాలు కొనాలనుకుంటే కాన్పయిన రెండు నెలల తర్వాత ఒకసారి చూపించుకుని, బిడ్డకి పాలిస్తున్నంత కాలం ఇంకొంచెం మారొచ్చని గుర్తుంచుకుని అప్పుడు కొనండి. లేజర్ ఆపరేషన్ ఆలోచన ఎవరైనా చెబితే అదీ పాలు మాన్పించి, పవర్ కొన్ని నెలలు నిలకడగా ఉందని తేలాకే. పాత అద్దాల్ని, వాటి పవర్ రాసిన కాగితాన్ని పారేయకండి, తర్వాత పోల్చి చూడడానికి అదే కావాలి.

మీ అమ్మగారికి చెప్పండి, మైనస్ 3.25 అయినా, అంతకు రెట్టింపయినా, ఆ అంకె ఒక్కటే సిజేరియన్‌కి కారణం కాదు. ముక్కితే రెటీనా ఊడిపోతుందనేది ఒకప్పుడు డాక్టర్లు కూడా నమ్మిన మాటే. పవర్ ఎక్కువున్న తల్లుల కళ్లని కాన్పుకి ముందూ తర్వాతా పరీక్షించి చూసినప్పుడు నొప్పుల వల్ల అలా జరిగినట్టు కనపడలేదు. మీకు ఇంతకుముందు రెటీనాకి ఆపరేషన్ జరిగి ఉంటేనో, ఉన్నట్టుండి ఒక కంట్లో మిణుగురుల్లాంటి మెరుపులు, నల్ల చుక్కల వాన, ఒక పక్క నుంచి తెర దిగినట్టు చీకటి కనిపిస్తేనో వెంటనే కంటి డాక్టర్‌కి చూపించాలి, కానీ అది గర్భం లేకపోయినా అంతే. కంటి డాక్టర్ కంటిపాపలు పెద్దవి చేసే చుక్కలు వేయాలంటే మీకు ఎన్ని వారాలో, బీపీ ఎంతో ముందే చెప్పండి. అవసరమైనప్పుడు ఒకసారి వేస్తారు, బీపీ ఎక్కువుంటే ఏ రకం వేయాలో చూసుకుంటారు.

కాన్పు అయిపోతే ఈ బీపీ గొడవ తీరిపోతుందని కూడా అనుకోవద్దు. కాన్పయిన ఆరు వారాల దాకా ఇది మొదటిసారి రావచ్చు, అదీ ఇంటికి వచ్చేశాక. అప్పుడు అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది, బాలింతకి తలనొప్పి, కళ్లు మసక అంటే నిద్ర చాలకే అంటారు. మీ ఇంట్లో మీతో ఎవరుంటారో వాళ్లకి ఈ 140, 90 అంకెలు ఇప్పుడే చెప్పి పెట్టండి. మిషన్ ఉంటే పుట్టింటికి వెళ్లేటప్పుడు దాన్నీ సంచిలో పెట్టుకోండి.